ఆచితూచి రాసిన వాక్యానికి ఎన్ని మార్కులు?
శ్రీ వరి వ్యాసాల మూల్యాంకనంపై ఒక అభిప్రాయం

వ్యవసాయ కళాశాలల్లో విద్యార్థులు సమర్పించే వ్యాసాలను దిద్దేటప్పుడు అధ్యాపకులు సాధారణంగా మూడు విషయాలు చూస్తారు. సమాచారం సరైనదా, క్రమం కుదిరిందా, భాష శుభ్రంగా ఉందా అన్నవే ఆ మూడు. నాలుగో ప్రశ్న అరుదుగా వేస్తారు. వ్యాసంలోని వాక్యం ఎంత గట్టిగా పలుకుతోందో, దాని వెనుక ఉన్న ఆధారం అంత గట్టిగా ఉందా అన్నదే ఆ ప్రశ్న. నేటి విద్యార్థి రేపటి విస్తరణ శాస్త్రవేత్త. అతడి వ్యాసంలోని ముగింపు వాక్యమే కొన్నేళ్ల తరువాత కరపత్రంలో సిఫారసుగా అచ్చవుతుంది. ఆ సిఫారసు మీద పెట్టుబడి పెట్టేది రైతు. కాబట్టి ఈ ప్రశ్నను మార్కుల పట్టికలోకి తేవలసిందే. అయితే తేవలసిన తీరు మీద స్పష్టత లేకపోతే మేలుకన్నా కీడే ఎక్కువ జరుగుతుంది. 'కావచ్చు', 'బహుశా', 'అవకాశం ఉంది' వంటి జాగ్రత్త పదాలు ఎన్ని ఉంటే అన్ని మార్కులు అనే పద్ధతి విద్యార్థికి వినయం నేర్పదు, తప్పించుకోవడం నేర్పుతుంది.

జాగ్రత్త పదానికి విడిగా మార్కులు ఉండరాదు. వాక్యం బరువు ఆధారం బరువుతో సరితూగినప్పుడే మార్కు రావాలి. ఆధారం బలంగా ఉన్నచోట నిస్సంకోచంగా చెప్పిన వాక్యానికి, ఆధారం పలుచగా ఉన్నచోట హద్దు పేర్కొని చెప్పిన వాక్యానికి ఒకే విలువ దక్కాలి. ఈ సూత్రం ఆచరణలో ఎలా ఉంటుందో చూడడానికి శ్రీ వరి సాగుపై రాసే వ్యాసాలకన్నా తగిన ఉదాహరణ తెలుగునాట దొరకడం కష్టం.

ఒకే వ్యాసం, మూడు రకాల నిశ్చయం

1980వ దశకం తొలి సంవత్సరాల్లో మడగాస్కర్‌లో హెన్రీ డి లాలానీ అనే ఫ్రెంచి క్రైస్తవ మతాచార్యుడు రైతులతో కలిసి రూపొందించిన ఈ పద్ధతి, 2003 ఖరీఫ్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం చొరవతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల పొలాలకు చేరింది. 8 నుంచి 12 రోజుల లేత నారును కుదురుకు ఒక్కటి చొప్పున, 25 సెంటీమీటర్ల ఎడంతో చతురస్రంగా నాటడం, నీరు నిలగట్టకుండా ఆరుతడిగా ఉంచడం, వీడర్‌తో కలుపును మట్టిలో కలపడం, సేంద్రియ ఎరువులకు ప్రాధాన్యం ఇవ్వడం దీని ముఖ్యాంశాలు. దీనిపై రాసిన సగటు విద్యార్థి వ్యాసంలో మూడు ప్రతిపాదనలు తప్పకుండా కనిపిస్తాయి. శ్రీ పద్ధతిలో విత్తనం ఆదా అవుతుంది; నీరు ఆదా అవుతుంది; దిగుబడి పెరుగుతుంది. మూడూ ఒకే స్వరంలో, తరచు ఒకే వాక్యంలో వస్తాయి. అసలు లోపం అక్కడే ఉంది.

మొదటి ప్రతిపాదనకు క్షేత్ర ప్రయోగంతో కూడా పనిలేదు, లెక్క చాలు. 25 సెంటీమీటర్ల చతురస్ర ఎడంలో చదరపు మీటరుకు 16 కుదుళ్లు వస్తాయి. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. కుదురుకు ఒక్క మొక్క చొప్పున ఎకరానికి దాదాపు 64,750 మొక్కలు కావాలి. వెయ్యి గింజల బరువు 25 గ్రాములు అనుకున్నా ఇది 1.6 కిలోల పైచిలుకు. మొలకెత్తని గింజలకు, చనిపోయే మొక్కలకు కొంత కలుపుకున్నా 2 కిలోల విత్తనం సరిపోతుంది. సాధారణ నాట్లకు ఎకరానికి వాడే 20 నుంచి 25 కిలోలతో పోలిస్తే ఇది ఎంత తక్కువో ఎవరైనా చెప్పగలరు. ఇక్కడ 'విత్తనం కొంతవరకు ఆదా కావచ్చని భావించవచ్చు' అని రాయడం వినయం కాదు. లెక్క వేసి చూడలేదనడానికి అది గుర్తు. అటువంటి వాక్యానికి మార్కు తగ్గాలి.

రెండో ప్రతిపాదన వేరు. నీటి ఆదాకు అనేక దేశాల్లో, అనేక నేలల్లో జరిగిన ప్రయోగాల ఆధారం ఉంది. శ్రీ పద్ధతికి దగ్గరి బంధువైన తడి-ఆరు పద్ధతిపై 56 అధ్యయనాల్లోని 528 పోలికలను ఒకచోట చేర్చిన విశ్లేషణ 2017లో ఫీల్డ్ క్రాప్స్ రీసెర్చ్ పత్రికలో వెలువడింది. పొలంలోని నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు పోకుండా మళ్లీ తడి ఇచ్చినచోట దిగుబడి చెప్పుకోదగినంత తగ్గకుండానే నీటి వాడకం సగటున 23.4 శాతం తగ్గింది. అంతకుమించి ఆరబెట్టినచోట మాత్రం దిగుబడికి గట్టి దెబ్బ తగిలింది. కాబట్టి 'నీరు ఆదా అవుతుంది' అన్న దిశను విద్యార్థి నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఆదా ఎంత అన్నదానికి మాత్రం నేల స్వభావం, ఎండబెట్టే తీవ్రత, కాలువ నీరా బోరు నీరా అన్న షరతులు జోడించాలి. తడి-ఆరు పద్ధతి ఫలితాన్ని శ్రీ పద్ధతికి అన్వయిస్తున్నానన్న సంగతి కూడా ఒక్క మాటలో చెప్పాలి. దిశలో నిశ్చయం, పరిమాణంలో షరతు: ఈ తేడాను పాటించిన వాక్యానికే పూర్తి మార్కు.

మూడో ప్రతిపాదన దగ్గరే వ్యాసం అసలు పరీక్షకు నిలుస్తుంది.

దిగుబడి వివాదం వ్యాసంలోకి వచ్చే తీరు

మడగాస్కర్ నుంచి వచ్చిన అసాధారణ దిగుబడి లెక్కలు 2004 నాటికే పంట శరీరధర్మ శాస్త్రవేత్తల ఆక్షేపణకు గురయ్యాయి. 2006లో మెక్‌డొనాల్డ్, హాబ్స్, రీహా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ప్రచురితమైన ప్రయోగ ఫలితాలను సేకరించి, శ్రీ పద్ధతిని రైతుల సాధారణ సాగుతో కాక శాస్త్రీయంగా సిఫారసైన ఉత్తమ యాజమాన్యంతో పోల్చి చూశారు. మడగాస్కర్ ఫలితాలు పక్కన పెడితే మిగిలిన 35 నమోదుల్లో 24 చోట్ల శ్రీ దిగుబడి ఉత్తమ యాజమాన్యంకన్నా తక్కువగానే ఉందని, సగటున 11 శాతం వెనుకబడిందని వారు తేల్చారు. దీనికి ఉప్‌హాఫ్, కస్సాం, స్టూప్ 2008లో అదే పత్రికలో విమర్శ రాశారు. తూకం వేసిన ప్రయోగాల్లో దేన్ని నిజమైన శ్రీ పద్ధతిగా పరిగణించాలన్నదే వివాదానికి మూలాల్లో ఒకటి.

ఈ చరిత్ర వ్యాసంలోకి రెండు తప్పు దారుల్లో వస్తుంది. ఒక దారిలో అనుకూలమైన ఫలితాలనే ఉటంకించి 'శ్రీ పద్ధతి దిగుబడిని పెంచుతుందని నిరూపితమైంది' అని ముగిస్తారు. ఇది బయటికి కనిపించే దోషం గనుక మూల్యాంకనం చేసేవారు సులువుగానే పట్టుకుంటారు. రెండో దారి మర్యాదగా కనిపిస్తుంది. 'దీనిపై శాస్త్రవేత్తల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి' అని ఒక వాక్యం రాసి, వెంటనే మునుపటి ముగింపుకే వెళ్లిపోతారు. చాలామంది పరీక్షకులు ఈ వాక్యాన్ని చూసి సమతూకం ఉందని మార్కు వేస్తారు. వేయకూడదు. భిన్నాభిప్రాయం ఎక్కడ ఉందో ఆ వాక్యం చెప్పలేదు. 'రైతు అలవాటు సాగుతో పోల్చినప్పుడు పెరుగుదల కనిపించిన సందర్భాలు ఎన్నో ఉన్నా, ఉత్తమ యాజమాన్యంతో పోల్చినప్పుడు ఆ ఆధిక్యం స్థిరంగా లేదు' అని రాసిన విద్యార్థి ఒక్క జాగ్రత్త పదమూ వాడలేదు. అయినా అసలు హద్దు గీసింది అతడే. పూర్తి మార్కు అతడికి చెందాలి.

జాగ్రత్త అనేది పదంలో ఉండదు, పోలికలో ఉంటుంది. దేనితో పోల్చితే ఎక్కువ, ఎక్కడ ఎక్కువ, ఎన్ని కాలాల్లో ఎక్కువ అన్న ప్రశ్నలకు జవాబిచ్చే మాటే నిజమైన జాగ్రత్త మాట.

సీడీ చెప్పేది, చెప్పనిది

సొంత ప్రయోగ ఫలితాలతో రాసే వ్యాసాల్లో ఈ కొలత మరింత సూక్ష్మంగా ఉండాలి. లెక్క కోసం ఊహించిన ఒక ఉదాహరణ ఇలా ఉంటుంది. ఒక పరిశోధన స్థానంలో ఒక ఖరీఫ్‌లో నాలుగు సాగు పద్ధతులను నాలుగు రెప్లికేషన్లలో పరీక్షించారు. శ్రీ పద్ధతికి హెక్టారుకు 5.9 టన్నులు, సాధారణ నాట్లకు 5.2 టన్నులు వచ్చాయి. 5 శాతం స్థాయిలో క్రిటికల్ డిఫరెన్స్, అంటే సీడీ, 0.9 టన్నులు. తేడా 0.7 టన్నులు, సీడీ కన్నా తక్కువ.

ఈ పట్టిక నుంచి విద్యార్థులు రెండు రకాల ముగింపులు రాస్తారు. 'శ్రీ పద్ధతిలో దిగుబడి 13 శాతం అధికం' అనేది ఒకటి. 'రెండు పద్ధతులూ సమానమని తేలింది' అనేది రెండోది. మొదటిది అతిశయమని అందరూ గుర్తిస్తారు. రెండోదాన్ని మాత్రం జాగ్రత్తగా రాసిన వాక్యంగా భావించి మెచ్చుకుంటారు. నిజానికి అదీ అంతే అతిశయం. తేడాకు సీడీని ఒకసారి కలిపి, ఒకసారి తీసివేస్తే విషయం తేటపడుతుంది. 0.7లోంచి 0.9 తీసివేస్తే మైనస్ 0.2, కలిపితే 1.6. అంటే ఆ ప్రయోగం ప్రకారం శ్రీ పద్ధతి హెక్టారుకు 0.2 టన్నుల నష్టం నుంచి 1.6 టన్నుల లాభం వరకు ఎక్కడైనా ఉండడానికి వీలుంది. ఇంత వెడల్పున్న అవధిని 'సమానం' అని పిలవడానికి ఆధారం లేదు. తేడా కనిపెట్టలేకపోవడం వేరు, తేడా లేదని కనిపెట్టడం వేరు. మన పత్రికల్లో విరివిగా కనిపించే 'సమానస్థాయిలో ఉంది' అన్న మాట ఈ రెండింటినీ కలిపేస్తుంది. జాగ్రత్త పదం తొడుక్కున్న అతిశయానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

ఈ పట్టిక మోయగల వాక్యం ఇలా ఉండాలి: 'ఈ ఖరీఫ్‌లో ఈ స్థానంలో శ్రీ పద్ధతికి హెక్టారుకు 0.7 టన్నులు ఎక్కువ వచ్చినా, ప్రయోగపు కచ్చితత్వం దృష్ట్యా స్వల్ప నష్టం నుంచి 1.6 టన్నుల లాభం వరకు దేన్నీ తోసిపుచ్చలేము.' వాక్యం కొంచెం పొడవే. కానీ చదివినవారు మరో కాలం ప్రయోగం అవసరమా, రెప్లికేషన్లు పెంచాలా అన్నది దీని నుంచి నిర్ణయించుకోగలరు. 'సమానం' అన్న మాట ఆ దారిని మూసేస్తుంది.

సీడీ గురించి మరొక సంగతి వ్యాసాల్లో దాదాపు కనిపించదు. తేడా సీడీని దాటినప్పుడు కూడా అది ఆ మడిలోని ప్లాట్ల మధ్య కనబడే హెచ్చుతగ్గుల ఆధారంగా మాత్రమే హామీ ఇస్తుంది. మరుసటి ఏడు వాన ఆలస్యమైతే ఏమవుతుందో, చౌడు నేలలో ఏమవుతుందో దానికి తెలియదు. ఒక్క కాలపు ప్రయోగంలో కాలానికి, కాలానికి ఉండే తేడాను కొలిచే సాధనమే లేదు. కాబట్టి 'గణాంకపరంగా రుజువైంది' అన్న మాట తరువాత 'అన్ని వరి ప్రాంతాలకూ సిఫారసు' అని వస్తే, మొదటి వాక్యం నిజమే అయినా రెండోదానికి అది ఆధారం కాదు. పరీక్షకుడు ఈ దూకుడును గుర్తించాలంటే గణితంలో పాండిత్యం అక్కరలేదు. కొలిచినది ఎక్కడ, వర్తింపజేసినది ఎక్కడ అని అడిగితే చాలు.

ప్రదర్శన క్షేత్రం నుంచి కారణానికి దూకడం

విస్తరణ విభాగం విద్యార్థులు ఎక్కువగా వాడే ఆధారం క్షేత్ర ప్రదర్శన. రైతు పొలంలో ఒక భాగాన శ్రీ పద్ధతి, పక్క భాగాన రైతు అలవాటు సాగు పెట్టి, రెంటి దిగుబడినీ పోలుస్తారు. వాస్తవ పరిస్థితుల్లో పద్ధతి నిలుస్తుందా లేదా అన్నది చూపడానికి ఇది విలువైన ఆధారం. కారణం చెప్పడానికి మాత్రం బలహీనమైనది.

దీనికి హేతువులు రెండు. ప్రదర్శనకు ఎంపికయ్యే రైతు సాధారణంగా నీటి వసతి ఉన్నవాడు, ఆసక్తి ఉన్నవాడు. అతడి పొలానికి సిబ్బంది పదేపదే వస్తారు, కలుపు సకాలంలో తీయిస్తారు. పక్క భాగానికి ఆ శ్రద్ధ దక్కదు. ఇది మొదటిది. రెండోది, శ్రీ పద్ధతి ఒక్క మార్పు కాదు, అయిదారు మార్పుల మూట. లేత నారు, ఒంటి మొక్క, వెడల్పు ఎడం, ఆరుతడి, వీడర్, సేంద్రియ ఎరువు ఒకేసారి మారాయి. ముదురు నారు నాటే రైతు కేవలం సకాలంలో నారు నాటి ఉంటే ఎంత వచ్చేదో ఈ పోలిక చెప్పలేదు. అలాంటి ఆధారం మీద 'వీడర్ వాడకం వల్ల వేర్లకు గాలి తగిలి దిగుబడి పెరిగింది' అని రాస్తే అది యంత్రాంగం గురించిన ఊహ మాత్రమే. ఊహగా చెబితే అది వ్యాసానికి అందం. ఫలితంగా చెబితే దోషం.

'వీడర్ వాడకం దీనికి ఒక కారణం కావచ్చు. ఈ ప్రదర్శనలో దాన్ని వేరు చేసి చూడలేదు' అన్న వాక్యంలో 'కావచ్చు' అనే మాట తన కూలి తాను సంపాదించుకుంది. ఎందుకు నిశ్చయంగా చెప్పలేకపోతున్నాడో విద్యార్థి తెలిపాడు. మరుసటి ప్రయోగంలో ఏమి వేరు చేయాలో కూడా సూచించాడు. రెండో భాగం లేకుండా ఒట్టి 'కావచ్చు' ఉంటే దానికి మార్కు లేదు.

తెలుగు వ్యాకరణం దాచే నిశ్చయం

ఈ మూల్యాంకనాన్ని ఆంగ్లంలోని పట్టికలను అనువదించి చేయబోతే దెబ్బతింటుంది. తెలుగులో నిశ్చయం పదాల్లో కన్నా క్రియల్లో ఎక్కువగా దాగి ఉంటుంది.

'శ్రీ పద్ధతిలో పిలకలు పెరిగాయి' అన్న వాక్యం జరిగిన ఒక సంగతిని చెబుతుంది. 'శ్రీ పద్ధతిలో పిలకలు పెరుగుతాయి' అన్న వాక్యం ఎప్పుడూ, ఎక్కడా జరిగే ధర్మాన్ని చెబుతుంది. ఈ తద్ధర్మ క్రియే భవిష్యత్తుకూ పనికొస్తుంది గనుక రైతు దీన్ని హామీగా వింటాడు. ఫలితాల విభాగంలో 'పెరిగాయి' అని రాసిన విద్యార్థి ముగింపులో 'పెరుగుతాయి' అని రాస్తాడు. కొత్త ఆధారమేమీ రాలేదు, క్రియ రూపం మాత్రం మారింది. వ్యాసంలో అతిశయం ప్రవేశించే అత్యంత సాధారణ ద్వారం ఇదే. ఇందులో 'ఖచ్చితంగా', 'నిస్సందేహంగా' వంటి ఏ పదమూ లేకపోవడం వల్ల పరీక్షకుడి కంటికి ఆనదు.

రెండోది 'వచ్చు' అనే రూపం. 'దిగుబడి తగ్గవచ్చు' అన్నప్పుడు అది సంభావ్యత. 'రైతులు నాటిన 10 రోజులకు వీడర్ నడపవచ్చు' అన్నప్పుడు అది అనుమతి, దాదాపు సిఫారసు. రెండో వాక్యంలో సందేహం ఏ కోశానా లేదు. జాగ్రత్త పదాలను లెక్కపెట్టే పరీక్షకుడు రెండింటినీ ఒకే ఖాతాలో వేస్తాడు. మూడోది 'అని తేలింది', 'అని వెల్లడైంది' వంటి ముగింపులు. ఎవరు, ఎన్ని చోట్ల, ఎలా తేల్చారో చెప్పకుండానే వాక్యానికి తీర్పు గాంభీర్యం వస్తుంది. 'తేలింది' కనిపించిన ప్రతిచోటా 'ఎక్కడ తేలింది' అని పక్కన రాయడం పరీక్షకుడికి మంచి అలవాటు.

మార్కులు వేసే క్రమం

ఇన్ని సంగతులు గుర్తుంచుకుని దిద్దడం కష్టమని తోచవచ్చు. క్రమం మారిస్తే పని తేలికవుతుంది. పరీక్షకుడు ముందుగా సారాంశం, ముగింపు చదవకూడదు. ఫలితాల పట్టికలు, ఉటంకించిన ఆధారాలు మాత్రం చూసి, ఆ ఆధారం మోయగల అత్యంత బలమైన వాక్యం ఏదో తానే ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ తరువాతే విద్యార్థి ముగింపు తెరవాలి. ముగింపు ముందే చదివితే దాని ధాటి పరీక్షకుడి మనసులో నాటుకుని, పట్టిక దానికి అనుగుణంగా కనిపించడం మొదలవుతుంది.

తరువాత వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదనలను నాలుగైదింటిని ఎంచుకుని, ఒక్కోదానికి 2 మార్కుల చొప్పున వేయవచ్చు. వాక్యం బరువు ఆధారంతో సరిపోయి, హద్దు అవసరమైనచోట ఆ హద్దు పేరుతో సహా ఉంటే 2. దిశ సరైనదే గాని హద్దు చెప్పకపోయినా, 'మరిన్ని పరిశోధనలు అవసరం' వంటి ఎక్కడైనా అతికే మాటతో సరిపెట్టినా 1. ఆధారాన్ని మించి చెప్పినా, బలమైన ఆధారాన్ని అకారణంగా పలుచన చేసినా 0. ఒకే ప్రతిపాదన లోపల ఒకలా, ముగింపులో మరోలా ఉంటే ముగింపులోని రూపానికే మార్కు వేయాలి, ఎందుకంటే బయటికి ప్రయాణించేది అదే.

పైన చెప్పిన సగటు వ్యాసాన్ని ఈ కొలతతో చూస్తే, విత్తనంపై లెక్కతో సహా నిశ్చయంగా రాసినందుకు 2 వస్తాయి. నీటిపై దిశ చెప్పి షరతులు వదిలేసినందుకు 1. 'భిన్నాభిప్రాయాలు ఉన్నా శ్రీ పద్ధతి దిగుబడిని పెంచుతుంది' అన్నందుకు 0. వీడర్ వాక్యంలో 'కావచ్చు' ఉండి కారణం లేనందుకు 1. మొత్తం 8కి 4. జాగ్రత్త పదాలు లెక్కపెట్టే పద్ధతిలో ఇదే వ్యాసానికి 'భిన్నాభిప్రాయాలు', 'కావచ్చు' అనే రెండు మాటలకు మెచ్చుకోలు దక్కి, అత్యంత సరైన విత్తన వాక్యానికి 'మరీ నిశ్చయంగా ఉంది' అన్న వ్యాఖ్య పడేది.

ఈ కొలత మీద ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఆధారం మోయగల వాక్యం ఏదన్నదానిపై ఇద్దరు పరీక్షకులు ఏకీభవించకపోవచ్చు. నిజమే, ముఖ్యంగా 1కి, 2కి మధ్య. అందుకే దిద్దడం మొదలుపెట్టే ముందు ఇద్దరూ ఒకే నమూనా వ్యాసం తీసుకుని, ఎవరికి వారు వాక్యాలు రాసుకుని పోల్చుకోవాలి. తేడా వచ్చినచోట అది గణాంకం మీద తేడానా, విషయ పరిజ్ఞానం మీద తేడానా అన్నది బయటపడుతుంది. మెక్‌డొనాల్డ్ బృందం వ్యాసం చదివిన పరీక్షకుడు, చదవని పరీక్షకుడు దిగుబడి వాక్యానికి ఒకే మార్కు వేయలేరు. దోషం కొలతది కాదు. చదవవలసినది చదివి దిద్దాలన్న బాధ్యతను అది గుర్తుచేస్తుంది.

రైతు దగ్గర జాగ్రత్త మాట ఏ రూపంలో ఉండాలి

విస్తరణ శాస్త్రవేత్తల నుంచి మరో అభ్యంతరం తప్పక వస్తుంది. రైతుకు అవధులూ సీడీలూ చెప్పలేము, గట్టిగా చెప్పకపోతే ఎవరూ పాటించరు, కాబట్టి విద్యార్థికి నిశ్చయంగా రాయడమే నేర్పాలి అన్నది వారి వాదన. ఇందులో సగం నిజం ఉంది. 'దిగుబడి పెరిగే సంభావ్యత ఉన్నట్లు భావించవచ్చు' అన్న కరపత్రం రైతుకు దేనికీ పనికిరాదు.

అయితే రైతుకు కావలసిన జాగ్రత్త మాట సంభావ్యత కాదు, షరతు. 'నీరు పెట్టడం, తీయడం మీ చేతిలో ఉన్న పొలాల్లోనే ఈ పద్ధతి వేయండి. కాలువ చివర ఉండి, వంతు ప్రకారం నీరు వచ్చే పొలాల్లో ఆరుతడి కుదరదు. లేత నారు నాటగల కూలీలు, వరుసల మధ్య వీడర్ నడపడానికి మనుషులు దొరకని చోట కలుపు మీ చేయి దాటిపోతుంది.' ఇందులో ఒక్క 'బహుశా' లేదు. అయినా పరిశోధన వ్యాసంలోని ప్రతి హద్దూ ఇందులో ఉంది. ఎకరం నాలుగో వంతులో మొదట వేసి చూడమని చెప్పే సిఫారసు కూడా ఒక రకమైన జాగ్రత్త మాటే. ఆధారం ఎంత పలుచగా ఉందో దానికి తగినట్లు పెట్టుబడి ఎంత చిన్నదిగా ఉండాలో అది చెబుతుంది. ముఖ్యంగా కౌలు రైతుకు ఈ తేడా పెద్దది. పంట తేడా వచ్చినా కౌలు తగ్గదు.

కాబట్టి విద్యార్థి వ్యాసంలో సిఫారసు భాగాన్ని దిద్దేటప్పుడు సందేహార్థక పదాలు వెతకనక్కరలేదు. ఫలితాల విభాగంలో పేర్కొన్న ప్రతి హద్దూ సిఫారసులో షరతుగా మారిందా అని చూడాలి. ఒక్క కాలపు ప్రయోగమైతే చిన్న విస్తీర్ణమన్న షరతు, నీటి నియంత్రణ ఉన్న స్థానంలో జరిగితే నీటి నియంత్రణ అన్న షరతు, రైతు అలవాటు సాగుతో పోల్చినదైతే ఇప్పటికే ఉత్తమ యాజమాన్యం పాటిస్తున్న రైతుకు అంత లాభం ఉండకపోవచ్చన్న మాట. ఇవి సిఫారసులో కనిపిస్తే, ఆ విద్యార్థి నిశ్చయంగా రాసిన వాక్యాలన్నింటికీ పూర్తి మార్కులు వేయడానికి పరీక్షకుడు సంకోచించనక్కరలేదు. కనిపించకపోతే, ముగింపుకు ముందు ఎన్ని 'కావచ్చు'లు ఉన్నా అవి మార్కుల కోసం రాసినవే, రైతు కోసం రాసినవి కావు.